చింత ఉన్నాదా అని అడిగిన పాట: డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఇది మీ శాఖ మీద ఫిర్యాదు కాదు. ఫిర్యాదే చెయ్యాల్సి వస్తే నా మీద నేనే చేసుకోవాలి. ఎక్కిన రైలుని కళ్లెదుటే వదిలేసినవాణ్ణి నేను. ఆ రోజు నా కూలి పోయింది, మేస్త్రీ చేత తిట్లు తిన్నాను. అయినా మీకు ఉత్తరం రాయడానికి కారణం ఆ రైలు కాదు. ఆ రైలు తప్పిపోయేలా చేసిన ముసలాయన. ఆయన ఇప్పుడు మీ ప్లాట్‌ఫారం మీద లేడు.

మాది ఉద్దానం. కవిటి దగ్గర ఒక ఊరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి మా కొబ్బరి తోటని పడుకోబెట్టేసింది. నాటిన కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అన్నేళ్లూ తినడానికి ఏదో ఒకటి చెయ్యాలి గదా, చెన్నై వెళ్లిపోయాను. కొత్త మేడలకి లిఫ్టులు బిగించే పనిలో కుదిరాను. మూడేళ్లకి అమ్మ పోయింది. ఇంటికి తాళం పెట్టి, తాళంచెవి అదే ఊళ్లో ఉంటున్న మా అప్ప చేతికి ఇచ్చి వచ్చేశాను. ఆ తర్వాత నాలుగేళ్లు ఊరు వెళ్లలేదు. సెలవు లేక అని అందరికీ చెప్పేవాణ్ణి. సెలవు ఉండేది.

పోయిన శ్రావణంలో మా కంట్రాక్టరు భువనేశ్వర్‌లో ఒక పని ఉందని పంపించాడు. చెన్నై నించి భువనేశ్వర్ వెళ్లాలంటే మా జిల్లా మీదుగానే వెళ్లాలి. విజయనగరం దాటితే చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పలాస, ఆ తర్వాత మా సోంపేట. అన్నీ నిద్రలో కూడా చెప్పగలిగిన పేర్లే. దిగకుండా దాటిపోదామనే జనరల్ బోగీలో పైబెర్తు ఎక్కి పడుకున్నాను.

విజయనగరానికీ పలాసకీ నడుమ ఒక స్టేషన్లో మా రైలుని లూపు లైన్లోకి తీశారు. వెనక నించి వచ్చే సూపర్‌ఫాస్ట్‌కి దారివ్వాలట. ఆ స్టేషన్ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ముసలాయన్ని వెతికి పట్టుకోవడం ఎవరికైనా తేలికైపోతుంది. ఆయన్ని బయటికి పంపిన కానిస్టేబుల్‌ని పట్టుకోవడమూ తేలికే. ఇద్దర్లో ఎవరికీ నా వల్ల ఇబ్బంది రాకూడదు.

సాయంత్రం ఐదున్నర. సన్నగా చినుకు. నీళ్లసీసా నింపుకుందామని దిగాను. జనరల్ బోగీలు ఆగే చోట ప్లాట్‌ఫారానికి రేకుల కప్పు అయిపోయి, ఒక వేపచెట్టూ ఒక సిమెంటు బల్లా ఉన్నాయి. ఆ బల్ల దగ్గర నించి ఒక చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు తెలియనివాళ్లకి చెప్పడం కష్టం. డప్పు కాదు, తంబురా కాదు. నూతిలో పడ్డ రాయి మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొదట గుబుక్‌మని కిందికి దిగి, చివర్లో ఎవరో పిలిచినట్టు పైకి లేస్తుంది.

అది జముకు. మా ఉత్తరాంధ్రలో అమ్మోరి సంబరాలకి రాత్రంతా చెప్పే జముకుల కథకి ఆ పేరు వచ్చింది ఈ వాద్యం వల్లే. మీరు చూసి ఉండకపోతే కాస్త చెబుతాను. మూరెడు లోపు గొట్టం, డోలులాగ బోలుగా ఉంటుంది. ఒక మూతికి మేకతోలు బిగిస్తారు, రెండో మూతి తెరిచే ఉంటుంది. తోలు నడిమిన చిన్న చిల్లు. ఆ చిల్లులోంచి నరం దూర్చి, అది జారిపోకుండా, తోలు చిరక్కుండా చిన్న బిళ్ల అడ్డం పెట్టి ముడేస్తారు. నరం గొట్టంలోంచి అవతలికి వస్తుంది, దాని కొసకి చెక్క పిడి ఉంటుంది. గొట్టాన్ని ఎడం చంకలో ఇరికించుకుని, ఎడం చేత్తో పిడి పట్టుకుని లాగుతూ, కుడి చేతి వేళ్లతో నరాన్ని మీటుతారు. లాగితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. అంటే మెట్లు లేవు, గుర్తులు లేవు. ఎంత లాగాలో చెయ్యికే తెలియాలి. అందుకే జముకు వాయించేవాడు పాడుతున్నాడో, జముకే పాడుతున్నదో ఒక్కోసారి తెలియదు.

మా అమ్మ తండ్రి ఒక జముకుల జట్టులో వంతపాట పాడేవాడు. జట్టంటే ముగ్గురు. ఒకరు కథ చెప్పాలి, ఒకరు జముకు వాయించాలి, ఒకరు వంత అందుకోవాలి. వంత లేకపోతే కథ నడవదు. చెప్పేవాడు ఊపిరి పీల్చుకునే చోటు అదే, తర్వాత చరణం తలుచుకునే చోటూ అదే. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని నిద్రమత్తులోనే వంత అందుకునేవాణ్ణి. అవన్నీ మర్చిపోయాననే అనుకున్నాను.

సిమెంటు బల్ల మీద కూర్చున్న ముసలాయనకి జట్టు లేదు. ఆయన జముకుకి నరం కూడా లేదు, మా జాలర్లు వాడే నైలాను తాడు కట్టాడు. గొట్టం ఇత్తడిదే, కానీ సొట్టలు. తల మీద తెల్ల తువ్వాలు. ఎదురుగా గిన్నె గానీ పరిచిన గుడ్డ గానీ లేదు. చుట్టూ ఆరేడుగురు, అందరూ దిగిన ప్రయాణికులే. పక్కన టీ అమ్మే కుర్రాడు కెటిల్ కింద పెట్టి మరీ వంత పాడుతున్నాడు. పాట ఇలా నడుస్తోంది:

ఏ ఊరు నీ ఊరు ఓ దారి బావూ
తిలారు నీ ఊరు ఓ దారి బావూ
ఊరి ముందర సెరువు ఉన్నాదా లేదా?

టీ కుర్రాడు: ఉన్నాదీ ఉన్నాది!

సెరువు గట్టూ మీద సింత ఉన్నాదా?

ఉన్నాదీ ఉన్నాది!

సింత నీడా కింద అమ్మోరున్నాదా?

ఉన్నాదీ ఉన్నాది!

అంతే పాట. వరస పాతదే, మా తాత నోట విన్నదే. మాటలు మాత్రం ఆయన కట్టుకున్నవి. ఒక చట్రం, అందులో ఊరి పేరు పెట్టడానికి ఒక ఖాళీ. ఎవరో ఒకర్ని చూసి "ఏ ఊరు బావూ?" అని మామూలుగా, మాట్లాడినట్టే అడుగుతాడు. వాళ్లు చెప్పీ చెప్పకముందే ఆ పేరు రెండో చరణంలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇందులో ఒక పనితనం ఉంది. అది తర్వాత ఆయనే చెప్పాడు. ఆ ఖాళీలో నాలుగు దెబ్బలే పడతాయి. 'కోటబొమ్మాళి' అయితే కొలిచినట్టు సరిపోతుంది. 'నౌపడ' లాంటి పొట్టి పేరైతే చివర సాగదీస్తాడు, ఆ సాగదీతలో జముకు పిడి లాగి స్వరాన్ని పైకి తీసుకుపోతాడు. అప్పుడది అడిగినట్టు ఉంటుంది. 'హరిశ్చంద్రపురం' వచ్చిందంటే మాత్రం ఒక చరణంలో పట్టదు. "హరిచ్చందరా" అని ఒక చోట ఆపి, వంత అయ్యాక "పురమూ" అని ఇంకో చరణం మొదలెడతాడు. నడుమ అందరూ నవ్వుతారు. ఒకాయన "భువనేశ్వర్" అన్నాడు. ముసలాయన జముకు ఆపేసి, "అది ఊరు గాదు బావూ, అది పని. నీ ఊరు సెప్పు" అన్నాడు. నాకు తెలిసినంతలో ఆ సాయంత్రం ఎవర్నీ ఆయన డబ్బులు అడగలేదు. ఊరి పేరే అడిగాడు.

అప్పటికి నేను కూడా వంత అందుకున్నాను. ఎప్పుడు మొదలెట్టానో నాకే తెలియదు. టీ కుర్రాడు కెటిల్ ఎత్తుకుని కిటికీల వైపు వెళ్లిపోయాడు, వంత నా మీద పడింది. వంత పట్టినవాడు నడుమలో వదిలి వెళ్లకూడదు, తాత అలాగే నేర్పాడు. ముసలాయన నా వైపు తిరిగాడు.

"నీదే ఊరు బావూ?"

"కవిటి దగ్గర."

"కవీటి నీ ఊరు ఓ దారి బావూ..."

చెరువు ఉన్నాదా? ఉన్నాది. గట్టు మీద సింత ఉన్నాదా?

మా ఊరి చెరువు గట్టు మీద చింతచెట్టు ఉండేది. దాని కిందే మా అమ్మోరి రాయి. తిత్లీ రాత్రి ఆ చెట్టు మొదలుకంటా విరిగి చెరువులోకి ఒరిగిపోయింది. పొద్దున్నే చూస్తే కొమ్మలు నీళ్లలో, మొదలు గట్టు మీద. వంత ప్రకారం నేను "ఉన్నాదీ ఉన్నాది" అనాలి. నోరు రాలేదు. ఒక దెబ్బ ఖాళీ పోయింది. జముకుల కథలో వంత ఒక దెబ్బ తప్పితే నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి చూస్తారు. మెల్లిగా "లేదు" అన్నాను.

ముసలాయన చెయ్యి ఆగలేదు. పిడి కాస్త వదిలి స్వరాన్ని కిందికి దింపి, అదే వరసలో అడిగాడు:

పడిపోతే పడిపోనీ ఓ దారి బావూ
మోడుకీ సిగురైనా ఉన్నాదా లేదా?

నాకు తెలియదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. అప్పతో వారం వారం ఫోన్లో మాట్లాడతాను గానీ ఎండిన మోడు గురించి ఎవరడుగుతారు? కొబ్బరి పడిందంటే అయిపోయినట్టే, మొవ్వు పోతే మళ్లీ రాదు. చింత అలా కాదు. మొదలు బతికుంటే పక్కనించి పిలకేస్తుంది. ఈ సంగతి ఉద్దానంలో పుట్టినవాణ్ణి నాకు తెలుసు. తెలిసీ చూడలేదు. అలా నిలబడి ఉండగానే వెనకాల మా రైలు కదిలింది. మీకు తెలియంది కాదు, ఈ ఎలక్ట్రిక్ ఇంజన్లు కదిలితే చప్పుడే ఉండదు. కూత విన్నాను గానీ అది పక్క లైన్లో పోయే సూపర్‌ఫాస్ట్‌ది అనుకున్నాను. తిరిగి చూసేసరికి చివరి బోగీ. తలుపు దగ్గర పచ్చజెండా పట్టుకుని గార్డు గారు. 2022 నించి వారిని ట్రైన్ మేనేజర్ అంటున్నారని చదివాను, మా వాళ్ల నోట ఇంకా గార్డే. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. పరిగెడితే అందుకునేవాణ్ణేమో. నా సంచి భుజానే ఉంది. పరిగెత్తలేదు.

"పోనాది గదా బావూ" అన్నాడు ముసలాయన, తప్పు తనదే అయినట్టు.

పలాస ప్యాసింజర్‌కి ఇంకా గంటంబావు ఉంది. ఇద్దరం టీ తాగాం. ఆయన జముకుని తువ్వాలుతో తుడిచి, టీ కుర్రాడి స్టవ్వుకి జానెడు దూరంలో పట్టుకుని తోలు వేడి చేసుకున్నాడు. వానాకాలం తోలు చెమ్మ పీల్చి వదులైపోతుంది, ఎంత లాగినా స్వరం పైకి రాదు, గొంతుతో కలవదు. ఎక్కువ వేడి చేస్తే బిళ్ల దగ్గర పగులుతుంది. వేలితో కొట్టి చూసి, చప్పుడు పొడిగా వచ్చిందాకా ఆగాలి. అది చూస్తూ అడిగాను, ఇళ్లకెళ్లి చెప్పుకోవచ్చు గదా, స్టేషన్లో ఎందుకని.

"ఇళ్లకాడ ఇనీవోళ్లెవులు బావూ? ఊళ్లో ముసలోళ్లు నా కత సిన్నప్పుడే ఇనీసినారు. కుర్రోళ్లందరూ ఈ బండ్లలోనే గదా ఉన్నారు" అన్నాడు.

ఇంతకన్నా సరిగ్గా మా జిల్లా సంగతి ఇంకెవరూ చెప్పలేరనిపించింది. ఇంకోటి కూడా అడిగాను. అమ్మోరు ఉన్నాదా అన్న తర్వాత పాట అయిపోతుందా?

"నేదు. ఇంకో మాటుంది. అమ్మోరి ముంగిట అమ్మ ఉన్నాదా అని. సెట్టుకాడ గొంతు తడబడినోడ్ని మాత్తరం ఆ మాట అడగను బావూ."

డబ్బు సంగతి కూడా రాయాలి, మీకు అవసరమైంది అదే గనక. ఈ రోజుల్లో ఎవరి జేబులోనూ చిల్లర లేదు, అందరి దగ్గరా ఫోనే. ఆయనకి ఫోను లేదు. ఇవ్వాలనుకున్నవాళ్లు టీ కుర్రాడి క్యూఆర్ కోడ్‌కి కొడతారు, రాత్రి లెక్క చూసి కుర్రాడు నోట్లు ఇస్తాడు. మంచి రోజున రెండొందలు వస్తుందట. వాన రోజున ఏమీ రాదు. గూడ్సు బండ్లు వరసగా పోయే రోజున పాటే రాదు.

ఆ రాత్రి పలాసలో దిగి, పొద్దున్న బస్సులో కంచిలి వెళ్లి, అక్కణ్ణించి ఆటోలో మా ఊరికి చేరాను. అప్ప నన్ను చూసి "ఏటైనాది? ఉద్యోగం పోనాదేటి?" అంది. ఏమీ కాలేదు, చింతమోడు చూడ్డానికి వచ్చానంటే వింతగా చూసింది. చెరువు గట్టు మీదికి ఇద్దరం కలిసే వెళ్లాం. అక్కడ చూసింది ముసలాయనకి చెబుదామని, తిరుగు ప్రయాణంలో ఆ స్టేషన్లో దిగుదామనుకున్నాను. భువనేశ్వర్ పని ముగిసేసరికి రిజర్వేషను రైల్లో పంపించేశారు, అది అక్కడ ఆగలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు కావాలనే ప్యాసింజర్ ఎక్కి దిగాను.

బల్ల ఖాళీగా ఉంది. వేపచెట్టు కొమ్మలు నరికేశారు. టీ కుర్రాడు చెప్పాడు, ఎవరో పెద్ద అధికార్లు తనిఖీకి వస్తున్నారని ప్లాట్‌ఫారం మీద టిక్కెట్టు లేనివాళ్లందర్నీ బయటికి పంపారట. కానిస్టేబుల్ గట్టిగా కూడా ఏమీ అనలేదట. "తాతా, రెండ్రోజులు ఆగి రా" అన్నాడట. రెండ్రోజుల తర్వాత వస్తే ఇంకో కానిస్టేబుల్ ఉన్నాడు, ఆయన అడుక్కోకూడదన్నాడు. ముసలాయన జముకు చంకలో పెట్టుకుని, "నాను అడుక్కోలేదు బావూ, ఊరి పేరే అడిగినాను" అని వెళ్లిపోయాడట. మళ్లీ రాలేదు.

అయ్యా, ఆ కానిస్టేబుల్‌ది తప్పని నేను అనను. ఆయన చేతిలో ఉన్నవి రెండే మాటలు. 1989 రైల్వే చట్టంలో 144వ సెక్షన్ చదివించుకుని విన్నాను. అందులో ఒకటి అమ్ముకునేవాడి గురించి, రెండోది అడుక్కునేవాడి గురించి. అమ్మేవాడికి దారి ఉంది, రైల్వే ఇచ్చిన లైసెన్సు ప్రకారం అయితే అమ్ముకోవచ్చు. అడుక్కునేవాడికి ఏ దారీ లేదు, బయటికి పంపించవచ్చు. పాడేవాడి పేరు ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. అమ్మడం లేదు గనక లైసెన్సు అడగలేడు. ఏదీ అమ్మకుండా నాలుగు రూపాయలు పుచ్చుకుంటున్నాడు గనక అడుక్కునేవాడి లెక్కలోకి పోతాడు. నా బాధ ఆ లెక్కతోనే.

ఇంకో పక్క మీరే 2022 నించి 'ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి' అని స్థానికంగా చేసిన వస్తువులకి ప్లాట్‌ఫారాల మీద స్టాళ్లు ఇస్తున్నారు. మంచి పని. పొందూరు ఖద్దరు, బుడితి కంచు ఎక్కడ చూసినా నాకు గర్వంగానే ఉంటుంది. చేనేతకీ కంచుకీ ఇవ్వగలిగిన చోటులో ఒక సిమెంటు బల్ల జముకుకి ఇవ్వడం కష్టమా అని అడుగుతున్నాను. స్టాలు అక్కర్లేదు. కరెంటు అక్కర్లేదు.

అడిగేది ఇంత మాత్రమే. జనరల్ బోగీలు ఆగే చివర, పసుపు గీతకి బాగా ఇవతల, ఆ బల్ల దగ్గర, సాయంత్రం రెండు గంటలు కూర్చుని పాడుకోవడానికి స్టేషన్ మాస్టరు సంతకంతో ఒక కాగితం. ప్లాట్‌ఫారం టిక్కెట్టు పది రూపాయలు, దానికి రెండు గంటల గడువు. ఆయన రోజూ కొనుక్కుంటాడు, కావాలంటే మేం నలుగురం కలిసి నెలకి సరిపడా కట్టేస్తాం. కానీ టిక్కెట్టు ఒక్కటి చాలదు. చేతిలో కాగితం ఉంటేనే డ్యూటీ మారినప్పుడల్లా కొత్త కానిస్టేబుల్‌కి మొదటి నించి చెప్పుకోవాల్సిన పని ఉండదు.

మీ వైపు నించి వచ్చే అభ్యంతరాలు కూడా తెలుసు. నాలాంటి వెర్రివాడు ఇంకొకడు రైలు పోగొట్టుకుంటాడు. ఆ మాట నిజం. అందుకే బండి కదిలే ముందు ఆయన ఆపాలి. సిగ్నలు పడగానే జముకు ఆపడం ఆయనకి కష్టం కాదు, నలభై ఏళ్లు కథ నడుమ ఎక్కడ ఆపాలో తెలిసినవాడే. తెలుగు, హిందీ, ఇంగ్లీషు అనౌన్సుమెంట్లు వచ్చినప్పుడు ఆ సాయంత్రం కూడా ఆపేవాడు. జనం గుమిగూడితే జేబులు కొట్టేవాళ్లు వస్తారు, అది కూడా నిజమే. అందుకే మెట్ల దగ్గరా టిక్కెట్ల కౌంటరు దగ్గరా కాకుండా చివర అడుగుతున్నాను. బోగీల్లోకి ఎక్కి పాడటానికి అనుమతి అడగడం లేదు. నడిచే బండిలో ఆ వయసు మనిషి ఎక్కి దిగకూడదు, పడుకున్నవాళ్లని లేపకూడదు. ఎవరి ప్రయాణానికైనా ఇబ్బంది కలిగిస్తే దానికి 145వ సెక్షన్ ఎలాగూ ఉంది. ఈయనకి ఇస్తే రేపు పదిమంది వస్తారంటారా? వస్తే సంతోషమే గానీ, జముకు వాయించగలిగేవాళ్లు మా వైపు పదిమంది దొరకడం అంత తేలికైతే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

మా స్నేహితుడొకడు, ఇదంతా ఎందుకు, వీడియో తీసి పెడితే ఆయన బతుకు మారిపోతుంది గదా అన్నాడు. 2019లో పశ్చిమ బెంగాల్‌లో రాణాఘాట్ స్టేషన్లో పాడే ఒకావిడ వీడియో అలాగే దేశమంతా తిరిగి, ఆవిణ్ణి ముంబై తీసుకెళ్లి సినిమాకి పాడించారు. ఆవిడ గొంతు ఎక్కడైనా పాడగలదు. మా ముసలాయన పాట అలాంటిది కాదు. దాన్ని ముంబై తీసుకుపోతే అందులో పెట్టడానికి పేర్లుండవు. తిలారు, నౌపడ, కోటబొమ్మాళి, కవిటి అని పేర్లు చెప్పేవాళ్లు దిగే చోటే అది పాట. అందుకే నేను వీడియో తియ్యలేదు. ఈ ఉత్తరంతో పాటు జతచేయడానికి నా దగ్గర ఫొటో కూడా లేదు.

మా మేస్త్రీకి మాత్రం నేను ఎందుకు ఒక రోజు ఆలస్యంగా వెళ్లానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు. రైలు తప్పిందన్నాను. అది అబద్ధం కాదు.

ఆయన ఊరు ఆమదాలవలస వైపని టీ కుర్రాడు అంటాడు, పక్కాగా తెలియదట. మీరు కాగితం ఇస్తానంటే ఆయన్ని వెతికి తీసుకొచ్చే పూచీ మాది. ఈలోగా ఆయనే ఎప్పుడైనా ఆ స్టేషన్‌కి వస్తే, డ్యూటీలో ఎవరుంటే వారు దయచేసి ఒక్క మాట చెప్పండి. కవిటి ఆయన కనబడ్డాడని, గట్టు మీద మోడుకి చెరువు వైపు రెండు పిలకలున్నాయని, ఒకటి నా భుజం దాకా వచ్చిందని. మేకలు కొరక్కుండా మా అప్ప చుట్టూ కంప కట్టింది.

ఇట్లు,
సంక్రాంతికి ప్యాసింజర్‌లో దిగి వెనక్కి వెళ్లిపోయిన ఒక ప్రయాణికుడు